సెల్-సైడా, బై-సైడా? ట్రేడర్, అనలిస్ట్, సేల్స్, క్వాంట్: ఏ కుర్చీ ఎవరికి సరిపోతుంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి డిగ్రీ, బీటెక్ అయిపోయి ఫైనాన్స్‌లోకి రావాలనుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ట్రేడర్ కావాలంటే ఏ కోర్సు చేయాలి?" కోర్సు సంగతి తర్వాత. నేను ముంబైలో డీలింగ్ డెస్క్ మీద పనిచేస్తాను. నా చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మందిని బయటివాళ్లు ట్రేడర్లనే అనుకుంటారు గానీ, నిజంగా ఆర్డర్ పెట్టేది కొద్దిమందే. మిగతావాళ్ల పని వేరు, ఆ పనికి కావాల్సిన స్వభావం వేరు.

జీతాల పోలిక ఇక్కడ చేయను. సంస్థను బట్టి, ఏడాదిని బట్టి అది ఎటైనా పోతుంది. మూడు విషయాలు చూసుకుంటే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. మీ జీతానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మీ పనిని ఏ కొలతతో కొలుస్తారు? మీరు చేసింది తప్పయితే, ఆ సంగతి ఎంతకాలానికి బయటపడుతుంది? నా దృష్టిలో మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. పొద్దున చేసిన తప్పు సాయంత్రానికి కళ్లముందు నిలబడితే తట్టుకోగలిగే మనిషి ఒక రకం. రెండేళ్లదాకా తప్పో ఒప్పో తెలియకపోయినా నిలకడగా పనిచేయగలిగే మనిషి ఇంకో రకం.

## ముందు రెండు పక్షాలు

జడ్చర్ల దగ్గర బాదేపల్లి మార్కెట్ యార్డు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. యార్డులో కమీషన్ ఏజెంటుకు సరుకు చేతులు మారితే కమీషన్ వస్తుంది. ఖరీదుదారు తన పైసలు పెట్టి కొంటాడు, వారం తర్వాత ధర పడితే నష్టం ఆయనదే. సెల్-సైడ్ అంటే మొదటి మనిషి ఉండే పక్షం: బ్రోకరేజీ సంస్థలు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు. బై-సైడ్ అంటే రెండో మనిషి పక్షం: మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, పెన్షన్ ఫండ్లు, సంపన్నుల డబ్బు చూసే పీఎంఎస్‌లు, హెడ్జ్ ఫండ్లు. కాకపోతే అక్కడ పెట్టేది ఎక్కువగా ఇతరులు నమ్మి అప్పగించిన డబ్బు.

ఒక మినహాయింపు ఉంది. సెల్-సైడ్‌లో కూడా కొన్ని డెస్కులు తమ పుస్తకంలో సరుకు పెట్టుకుంటాయి. మన దేశంలో షేర్ల బ్రోకర్లు ఎక్కువగా క్లయింటు తరఫున కొనిపెట్టేవాళ్లే. బ్యాంకుల ట్రెజరీల్లో ప్రభుత్వ బాండ్లు, డాలర్లు చూసే డీలర్లు మాత్రం రెండు వైపులా ధర చెప్పి, ఎదుటివాడు అమ్మితే కొని తమ దగ్గర పెట్టుకుంటారు. ఇద్దరి పేరూ డీలరే, బతుకులు వేరు. వాళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను.

## ఒక ఆర్డర్ వెంట నడుద్దాం

కేవలం ఉదాహరణకు ఒక ఆర్డర్ అనుకుందాం. ఒక మ్యూచువల్ ఫండ్ ఒక మధ్యస్థాయి కంపెనీ షేర్లు 4 లక్షలు కొనాలని నిర్ణయించింది. నిర్ణయం తీసుకున్న క్షణంలో ధర 500 రూపాయలు, అంటే దాదాపు 20 కోట్ల కొనుగోలు. ఆ షేరు రోజుకు సగటున 10 లక్షలు చేతులు మారుతుంది. ఒక్కరోజులో కొనేస్తే ఆరోజు జరిగే వ్యాపారంలో 40 శాతం వీళ్లదే అవుతుంది, ధర ఎగిరిపోతుంది. అందుకే డీలర్ రోజుకు లక్ష చొప్పున నాలుగు రోజులు కొన్నాడు. సగటు ధరలు వరుసగా 501, 503, 505, 507 పడ్డాయి. మొత్తం సగటు 504.

ఈ ఆర్డర్ పుట్టకముందే కొందరి పని అయిపోయింది. బ్రోకరేజీలో ఆ రంగాన్ని చూసే అనలిస్ట్ కంపెనీ ఫలితాలు వచ్చిన రాత్రి కూర్చొని లెక్కలు సవరించి, 620 రూపాయల లక్ష్య ధరతో తెల్లారేసరికి నోట్ రాసింది. ఎనిమిది గంటల మీటింగులో ఆమె రెండు నిమిషాలు మాట్లాడింది. సేల్స్ మనిషి ఆ రెండు నిమిషాల్లోంచి ఒక్క ముక్క పట్టుకొని ఫండ్‌కు ఫోన్ చేశాడు. ఫండ్ లోపలి అనలిస్ట్ ఈ నోటుతో పాటు మరో మూడు బ్రోకరేజీల నోట్లు చదివి, సొంత లెక్క వేసుకొని, ఫండ్ మేనేజర్‌కు ఒక పేజీ రాశాడు. మేనేజర్ సరేనన్నాక ఆర్డర్ డీలర్ దగ్గరికి వచ్చింది. డీలర్ దాన్ని ముక్కలు చేసి బ్రోకర్లకు ఇచ్చాడు. అవతల సేల్స్ ట్రేడర్ ఆ ముక్కలను మార్కెట్లో కొనిపెట్టాడు. కొన్న విధానం వెనక ఉన్న అల్గోరిథంను ఇద్దరు ముగ్గురు క్వాంట్లు, అంటే గణితం, ప్రోగ్రామింగ్‌తో మార్కెట్‌ను లెక్కగట్టేవాళ్లు, ఎప్పుడో రాసిపెట్టారు.

ఇప్పుడు డబ్బు చూడండి. 500 దగ్గర అనుకున్నది 504కు దొరికింది. షేరుకు నాలుగు రూపాయల చొప్పున ఫండ్‌కు 16 లక్షలు అదనంగా పడింది. బ్రోకరేజీ 0.05 శాతం అనుకుంటే, 20.16 కోట్ల మీద సెల్-సైడ్‌కు వచ్చింది లక్షా ఎనిమిది వందలు. అనలిస్ట్ రాత్రి మేలుకోవడం, సేల్స్ ఫోన్లు, ట్రేడర్ నాలుగు రోజులు, అల్గోరిథం ఖర్చు, అన్నీ ఆ లక్షలోంచే రావాలి. సెల్-సైడ్‌లో ఎప్పుడూ ఇంకో క్లయింట్, ఇంకో ఆర్డర్ అనే తొందర ఎందుకుంటుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

## ట్రేడర్: ఏది కొనాలో కాదు, ఎలా కొనాలో

బై-సైడ్ డీలర్ ఏ షేరు మంచిదో చెప్పడు. చెప్పినా వినేవాళ్లు తక్కువ. ఎంత వేగంగా కొనాలి, ఎవరిద్వారా కొనాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే ఆయన చేతిలో ఉంటుంది. తొందరపడితే మన కొనుగోలే ధరను పైకి తోస్తుంది. నెమ్మదిస్తే మనకంటే ముందు ఇంకొకరు కొని ధర పారిపోతుంది. ఈ రెండిటి మధ్య రోజుకు పదిసార్లు తేల్చుకోవాలి.

ఆయన పనిని కొలవడంలో ఒక మెలిక ఉంది, ఉద్యోగంలో చేరేముందే తెలుసుకోవాల్సింది. ఆ నాలుగు రోజుల్లో మార్కెట్ మొత్తం జరిగిన వ్యాపారం సగటు ధరను, అంటే వీవాప్‌ను, 504.60 అనుకుందాం. వీవాప్‌తో కొలిస్తే మన డీలర్ షేరుకు 60 పైసలు మిగిల్చాడు, శభాష్. నిర్ణయం నాటి 500తో కొలిస్తే నాలుగు రూపాయలు పోగొట్టాడు. పని ఒకటే, తీర్పులు రెండు. వీవాప్‌తోనే కొలిచే చోట డీలర్ మార్కెట్‌తో పాటు నెమ్మదిగా నడిచి క్షేమంగా ఉంటాడు, ఖర్చు ఫండ్ భరిస్తుంది. నిర్ణయ ధరతో కొలిచే చోట మొదటి గంటలోనే ధైర్యం చేయాల్సి వస్తుంది.

ఆ నాలుగు రూపాయలూ మన వల్లే పెరిగాయా, మార్కెట్టే పెరిగిందా? ఆర్డర్ అయిపోయాక వచ్చే ఒకటి రెండు రోజులు గమనిస్తే కొంత తెలుస్తుంది. ధర మళ్లీ 502కు దిగివస్తే తోసింది మన చెయ్యే. 507 దగ్గరే నిలబడితే మిగతావాళ్లకూ అదే సంగతి తెలిసిందన్నమాట. ఒక్క ఆర్డర్‌తో ఏదీ రుజువు కాదు. ఏడాదంతా ఇలా లెక్క రాసుకుంటే డీలర్ పనితనం బయటపడుతుంది.

సెల్-సైడ్ సేల్స్ ట్రేడర్‌కు దీనికి అద్దం పట్టినట్టుండే పని. క్లయింటు పేరు బయటపెట్టకుండా అవతల పెద్ద మొత్తంలో అమ్మేవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి. ఒక మాట ఎక్కువ జారితే మార్కెట్ మొత్తానికి తెలిసిపోతుంది, ఆ క్లయింట్ మళ్లీ ఆర్డర్ ఇవ్వడు. తెలిసిన ఆర్డర్ కంటే ముందే సొంతానికి కొనుక్కోవడం ఫ్రంట్ రన్నింగ్. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిషేధించిన పని, పట్టుబడితే కెరీర్ అక్కడితో సరి. అందుకే ఫండ్ల డీలింగ్ రూముల్లోకి సొంత ఫోన్ రానివ్వరు, మాటలన్నీ రికార్డవుతాయి. పొద్దున 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఇంట్లోవాళ్లకు కూడా మీరు అందుబాటులో ఉండరు. అన్నం డబ్బా స్క్రీన్ ముందే తెరవాలి.

ఇక బ్యాంకు ట్రెజరీ డీలర్. ఒక బాండుకు 100.20కి కొంటాను, 100.22కి అమ్ముతాను అని ధర చెప్పాడనుకోండి. ఐదు కోట్ల ముఖ విలువ మీద ఆ రెండు పైసలు అంటే పదివేల రూపాయలు. కొన్న తర్వాత అమ్మేలోపే ధర 20 పైసలు పడితే లక్ష పోయినట్టే, పది మంచి లావాదేవీలు ఒక్క దెబ్బకు గల్లంతు. నష్టానికి, నిల్వకు ముందే గీసిన పరిమితి ఉంటుంది. అది దాటితే రిస్క్ విభాగం వచ్చి పొజిషన్ మూసేయమంటుంది, మీ నమ్మకం ఎంత గట్టిదైనా సరే. తన తప్పును సాయంత్రానికి రూపాయల్లో చూసుకొని, రాత్రి నిద్రపోయి, మళ్లీ పొద్దున ధర చెప్పగలిగేవాడికే ఆ కుర్చీ.

## అనలిస్ట్: ఒకే పేరు, రెండు ఉద్యోగాలు

సెల్-సైడ్ అనలిస్ట్ ఒక రంగంలో పది పదిహేను కంపెనీలను పట్టుకొని వాటి లోతు చూస్తుంది. రాసింది బయటికి వెళ్తుంది, కింద పేరుంటుంది. ఫండ్లు ఏ బ్రోకరేజీ సేవ తమకు ఎంత ఉపయోగపడిందో నిర్ణీత కాలానికోసారి మార్కులు వేస్తాయి, ఆ మార్కులను బట్టే ఆర్డర్లు పంచుతాయి. కాబట్టి 620 లక్ష్యం నిజమైందా అన్నదొక్కటే కొలత కాదు. ఫోన్ చేస్తే దొరికిందా, కంపెనీ యాజమాన్యంతో కూర్చోబెట్టిందా, లెక్కల ఫైలు పంపిందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. లక్ష్యం తప్పినా మంచి పేరున్న అనలిస్టులు అందుకే ఉంటారు.

ఇక్కడ ఒక ఒత్తిడి కూడా ఉంది. అదే సంస్థలోని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ విభాగం ఆ కంపెనీకి ఐపీఓ చేయిస్తుంటే, ఆ కంపెనీని అమ్మేయమని రాయడం కష్టం. అమెరికాలో ఇలాంటి వ్యవహారం మీదే 2003లో పది పెద్ద సంస్థలు కలిపి సుమారు 140 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. మన దగ్గర సెబీ 2014 నియమాల ప్రకారం అనలిస్ట్ తాను సిఫార్సు చేసే షేరును రిపోర్టుకు 30 రోజుల ముందు నుంచి 5 రోజుల తర్వాత దాకా సొంతంగా కొనకూడదు, అమ్మకూడదు. సొంత ట్రేడింగ్ మీద మోజున్నవాళ్లకు ఈ ఉద్యోగం ఊపిరాడనివ్వదు.

బై-సైడ్ అనలిస్ట్‌కు పాఠకుడు ఒక్కడే, ఫండ్ మేనేజర్. నలభై పేజీలు అక్కర్లేదు. ఎంత శాతం పెట్టాలి, ఏం జరిగితే మనం తప్పని ఒప్పుకొని బయటికి రావాలి, ఈ రెండిటికీ జవాబు ఉండాలి. బయట పేరు రాదు. మీ సిఫార్సు ఫండ్‌కు లాభం తెచ్చిందా లేదా అన్నదే కొలత, అది తేలడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. ఆలోపు ధర పడుతూ ఉంటే ప్రతి నెలా అదే కంపెనీ గురించి అదే గదిలో సమాధానం చెప్పుకోవాలి.

## సేల్స్

దీన్ని తక్కువగా చూసేవాళ్లు ఎక్కువ, అది పొరపాటు. పొద్దున పది నోట్లు వస్తే ఏ క్లయింటుకు ఏది పనికొస్తుందో పసిగట్టి, మిగతా తొమ్మిది చెప్పకుండా ఉండగలగడమే ఆ పని. లోతైన లెక్కలు రాకపోయినా నడుస్తుంది. క్లయింటు మూడు సార్లు ఫోన్ ఎత్తకపోయినా నాలుగోసారి మామూలుగా మాట్లాడగలగాలి. ముంబైలో ఇదంతా ఇంగ్లిష్‌లో, హిందీలో సాగుతుంది. పాలమూరు యాసలో మాట్లాడే ఇంగ్లిష్ అడ్డం కాదు, మొదటి ఏడాది మాత్రం చెవి అలవాటు పడాలి.

## క్వాంట్ రిసర్చర్: వంద ఆలోచనల్లో తొంభై ఐదు చెత్తబుట్టకు

సెల్-సైడ్ క్వాంట్ ఆర్డర్‌ను రోజంతా ఎలా పంచాలో లెక్క కడతాడు. మార్కెట్లో వ్యాపారం పొద్దున మొదట్లో, సాయంత్రం చివర్లో ఎక్కువ, మధ్యాహ్నం పలచన. లక్ష షేర్లను గంటకు సమానంగా కొంటే మధ్యాహ్నం మన ఆర్డరే ఎత్తుగా కనబడుతుంది. దాన్ని ఆ వంపు ప్రకారం పంచేది ఇతనే. బై-సైడ్ క్వాంట్ ఏ షేరు పెరగొచ్చో పాత డేటాలో జాడలు వెతుకుతాడు.

జాడ దొరకడం తేలిక, అది నిజమో కాదో తేల్చడమే కష్టం. ఒక పద్ధతి ఒక్కో కొనుగోలు-అమ్మకానికి సగటున 0.08 శాతం లాభం చూపిస్తోందనుకోండి. కాగితం మీద గీత పైకే పోతుంది. డెలివరీ షేర్ల మీద ఎస్‌టీటీ అనే పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. పన్ను ఒక్కటే లాభాన్ని రెండున్నర రెట్లు మించిపోయింది, బ్రోకరేజీ సంగతి ఇంకా ఎత్తలేదు. ఇంకో ఉచ్చు: ఈరోజు సూచీలో ఉన్న కంపెనీల జాబితా తీసుకొని పదేళ్ల వెనక్కి పరీక్షించడం. మధ్యలో మునిగిపోయినవి ఆ జాబితాలో ఉండవు కాబట్టి ఏ పద్ధతైనా బాగానే కనిపిస్తుంది. బోనస్ షేర్లు ఇచ్చిన రోజున డేటా సరిచేయకపోతే ధర ఒక్కరోజులో సగమైనట్టు కనబడి, మీ ప్రోగ్రామ్ అక్కడ "గొప్ప అవకాశం" చూస్తుంది. ఫలితం మరీ బాగుంటే సంతోషించే మనిషి ఈ పనికి పనికిరాడు, అనుమానపడే మనిషి కావాలి.

## ఒకచోట చూసుకోవాలంటే

| పాత్ర | కొలత | తప్పు తెలిసే వ్యవధి | సరిపడని స్వభావం |
|---|---|---|---|
| ట్రెజరీ డీలర్ | రోజు లాభనష్టం | నిమిషాలు, గంటలు | నష్టాన్ని మర్చిపోలేనివారు |
| బై-సైడ్ డీలర్ | కొనుగోలు ఖర్చు | రోజులు | ఏది కొనాలో తామే చెప్పాలనుకునేవారు |
| సేల్స్, సేల్స్ ట్రేడర్ | క్లయింటు వ్యాపారం | వారాలు, నెలలు | నోరు ఆగనివారు, అసలు నోరు విప్పనివారు |
| సెల్-సైడ్ అనలిస్ట్ | ఫండ్ల మార్కులు | త్రైమాసికాలు | రాయడం బరువనుకునేవారు |
| బై-సైడ్ అనలిస్ట్ | ఫండ్ లాభం | రెండు మూడేళ్లు | వెంటనే మెప్పు కావాలనుకునేవారు |
| క్వాంట్ | కొత్త డేటాలో నిలబడటం | నెలలు | తన ఆలోచన మీద ప్రేమ పెంచుకునేవారు |

## మన వైపు నుంచి వచ్చేవాళ్లకు

బీకాం, సీఏ ఇంటర్ చేసినవాళ్లకు సెల్-సైడ్ రిసర్చ్ మంచి ద్వారం. బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చు కాబట్టి సగం దూరం వచ్చినట్టే. రిసర్చ్ అనలిస్టుల కోసం ఉండే ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 15 పరీక్ష రాసి, మీకు తెలిసిన ఒక రంగంలో ఒక లిస్టెడ్ కంపెనీ మీద సొంతంగా లెక్కల ఫైలు తయారుచేసి చూపించండి. మిర్యాలగూడ మిల్లుల మధ్య పెరిగినవాళ్లకు బియ్యం ఎగుమతి కంపెనీ లాభం ఎక్కడ పుడుతుందో ముంబై కుర్రాడి కంటే బాగా తెలుస్తుంది. వడ్లు ఏ నెలలో కొంటారు, బ్యాంకు అప్పు ఎప్పుడు పెరుగుతుంది, ఊక, తవుడు ఎంత తెస్తాయి అన్నవి లెక్కలో పెట్టండి. సెల్-సైడ్‌లో మూడు నాలుగేళ్లు చేసి బై-సైడ్‌కు మారడం మామూలు దారి. మొదటే బై-సైడ్ దొరకడం అరుదు, దొరికినా నేర్పించే తీరిక అక్కడ తక్కువ.

డీలర్ కావాలనుకుంటే డిగ్రీతో పాటు సిరీస్ 8, అంటే ఈక్విటీ డెరివేటివ్స్ పరీక్ష, బ్రోకరేజీ డీలింగ్ డెస్కుకు తలుపు తెరుస్తుంది. అక్కడి నుంచి సంస్థాగత డెస్కుకు ఎదగాలి. ఎంఎస్సీ స్టాటిస్టిక్స్, బీటెక్ వాళ్లు క్వాంట్ వైపు చూడొచ్చు. పెద్ద కాలేజీల ముద్ర లేకుండా నేరుగా రిసర్చ్‌లోకి కష్టం గానీ, డేటా ఇంజినీరుగా చేరి పక్కకు జరిగినవాళ్లున్నారు.

ఫోన్లో ఆప్షన్లు ఆడుతూ అదే అనుభవమని చెప్పేవాళ్లకు ఒక మాట. సెబీ 2024లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లలో, వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఇంటర్వ్యూలో లాభాల స్క్రీన్‌షాట్ చూపిస్తే ఎవరూ మెచ్చరు. ప్రతి ట్రేడుకు ముందు ఎందుకు, ఎంత నష్టానికి ఆగుతాను అని రాసుకున్న నోటుబుక్ ఉంటే అది చూస్తారు.

చివరిగా, హైదరాబాద్‌లో ఉద్యోగాల పేర్ల గురించి. ఆర్డర్ పెట్టే, కొనుగోలు నిర్ణయించే కుర్చీలు ఎక్కువగా ముంబైలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని పెద్ద విదేశీ సంస్థల్లో టెక్నాలజీ, ఆపరేషన్స్, రిసర్చ్ సపోర్ట్ ఎక్కువ. దేవరకొండ కుర్రాడొకడు ఫోన్ చేసి, "అన్నా, ట్రేడ్ సపోర్ట్ అనలిస్ట్ అని ఇచ్చిన్రు, అంటే ట్రేడరే గదా?" అన్నాడు. "పొద్దుగాల పోయి ఏం జేస్తవు?" అంటే, "నిన్న కొన్నయి, అమ్మినయి అవతలోళ్ల లెక్కతోని సరిపోయినయా సూసుడు అన్న." అది సెటిల్‌మెంట్ పని. చెడ్డ పనేం కాదు. షేర్లు కొన్న మర్నాడే లెక్క తేలాల్సిన టీ ప్లస్ 1 పద్ధతి 2023 నుంచి అన్ని షేర్లకూ వచ్చాక ఆ పనిలో తప్పుకు అసలు చోటు లేదు. కాకపోతే అక్కడి నుంచి ట్రేడింగ్ సీటుకు నిచ్చెన చాలా నిటారుగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో వాళ్లను మీరు మూడు అడగండి. ఈ డెస్కులో ఆర్డర్ పెట్టే అధికారం ఎవరికుంది? నా పనిని ఏడాది చివర ఏ అంకెతో కొలుస్తారు? గత రెండేళ్లలో ఈ జట్టు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? మూడో దానికి వచ్చే జవాబు మిగతా రెండిటి కంటే నిజం చెబుతుంది. "ప్రాప్ ట్రేడర్ ఉద్యోగం", అంటే సంస్థ సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పని, అని చెప్పి ముందు మీ దగ్గరే డిపాజిట్ కట్టించుకునే చోట ఈ ప్రశ్నల దాకా పోనక్కర్లేదు. అక్కడ క్లయింట్ మీరే.